గోల్డ్ లోన్ స్లిప్పు ఇన్సూరెన్స్‌కు చాలుతుందా?

ప్రశ్న: సార్, మాది కర్నూలు. ఇద్దరం ఉద్యోగస్తులం. నా పెళ్లికి ప్రొద్దుటూరులో చేయించిన కెంపుల హారం, అత్తగారిచ్చిన కాసులపేరు, మా అమ్మమ్మ ఏడు రాళ్ల కమ్మలు, కొన్ని గాజులు ఉన్నాయి. రెండేళ్ల కిందట గోల్డ్ లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు అప్రైజర్ రాసిచ్చిన స్లిప్పు నా దగ్గరుంది. లోన్ తీర్చేశాం. ఇప్పుడు వీటికి ఇన్సూరెన్స్ చేయిద్దామంటే ఏజెంటు వాల్యుయేషన్ సర్టిఫికెట్ అడుగుతున్నాడు. ఆ స్లిప్పు చాలదా? వాల్యుయేషన్‌లో ఏమేం చూస్తారు? ఒకసారి చేయిస్తే ఎన్నేళ్లు పనికొస్తుంది? కొన్ని సొమ్ములు లాకర్లో ఉన్నాయి, వాటికి కూడా అవసరమా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చాలదమ్మా. మీ ఏజెంటు అడిగింది సబబే.

బ్యాంకు అప్రైజర్ చూసేది ఒక్కటే. మీరు బాకీ కట్టకపోతే ఈ వస్తువును కరిగించి అమ్మితే బ్యాంకుకు ఎంత వస్తుందని. అందుకే ఆయన రాళ్లకు విలువ కట్టడు, వాటి బరువు తీసేస్తాడు. లోపల లక్క ఉందేమోనని ఇంకాస్త తీసేస్తాడు. మజూరీని లెక్కలోకే తీసుకోడు. బ్యాంకు వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు. కానీ ఇన్సూరెన్స్‌లో అడిగే ప్రశ్న వేరు. ఈ వస్తువు పోతే ఇలాంటిదే మళ్లీ చేయించుకోవడానికి ఎంత అవుతుంది? ఈ రెండు ప్రశ్నల జవాబుల మధ్య తేడా మీరు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

మీ హారాన్నే తీసుకుందాం. మీరు బరువులు రాయలేదు కాబట్టి ఉదాహరణకు మొత్తం 62 గ్రాములు అనుకుందాం. 22 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. అసలు రేటు రోజూ మారుతుంది, ఇది లెక్క తేలిగ్గా ఉండటానికి మాత్రమే. బ్యాంకు అప్రైజర్ రాళ్లకూ లక్కకూ కలిపి 12 గ్రాములు తీసేసి నెట్ వెయిట్ 50 గ్రాములని రాస్తాడు. అంటే 5 లక్షలు. దాని మీద కొంత శాతమే లోన్ ఇస్తారనేది వేరే సంగతి.

అదే హారాన్ని అదే రోజు ఇన్సూరెన్స్ కోసం వాల్యుయర్ చూస్తే, ఒక్కో కెంపు కొలత తీసి, రాళ్లకూ లక్కకూ కలిపి 9 గ్రాములని తేలుస్తాడు. నికరంగా బంగారం 53 గ్రాములు, అంటే 5,30,000. తరుగు, మజూరీ కలిపి 15 శాతం వేస్తే 79,500. కెంపులకు 40,000. మొత్తం 6,49,500. దాని మీద 3 శాతం జీఎస్టీ 19,485 కలిపితే 6,68,985. ఒక్క హారం మీదే లక్షా 69 వేల తేడా వచ్చింది. స్లిప్పు చూసి ఇన్సూరెన్స్ చేయిస్తే, పోయిన రోజున ఆ తేడా మీ చేతి నుంచి పడుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మజూరీ, తరుగు ఇచ్చే పాలసీలు ఉన్నాయి, బంగారం, రాళ్ల విలువ మాత్రమే ఇచ్చేవీ ఉన్నాయి. మీ పాలసీ రెండో రకమైతే ఈ హారానికి వచ్చేది 5,70,000 దాకానే. అప్పుడు 6.69 లక్షలకు ప్రీమియం కట్టడం దండగ. అందుకే వాల్యుయర్ దగ్గరికి వెళ్లేముందే కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి. ‘క్లెయిమ్‌లో మేకింగ్ చార్జీలు, జీఎస్టీ కలుపుతారా? రాళ్లకు విలువ ఇస్తారా?’ అని అడగండి. ఏజెంటు నోటిమాట వద్దు, జవాబు రాతలో ఉండాలి. అది చేతికొచ్చాక వాల్యుయర్‌కు చూపించి, బంగారం, మజూరీ, రాళ్లు, పన్ను దేనికదే విడివిడిగా రాయమనండి. అలా రాస్తే ఏ పాలసీకైనా అదే సర్టిఫికెట్ సరిపోతుంది.

వాల్యుయర్ అంటే పన్ను చట్టాల కింద నమోదైన రిజిస్టర్డ్ వాల్యుయర్ అయితే మంచిది. సర్టిఫికెట్ మీద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, ‘ఇన్సూరెన్స్ కోసం’ అన్న మాట ఉండాలి. వస్తువు అమ్మిన షాపు వాళ్లే వాల్యుయేషన్ కూడా రాసిస్తామంటే నేనైతే తీసుకోను. ఎంత నమ్మకస్తులైనా, తాము అమ్మిన రేటును తామే తక్కువ చేసి రాయడం వాళ్లకు కష్టం. పైగా క్లెయిమ్ చేసినప్పుడు నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఇక వాల్యుయేషన్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. దగ్గర కూర్చుని చూడండి, వదిలేసి రావద్దు. ముందు వస్తువును తూకం వేసి మొత్తం బరువు రాస్తారు. తర్వాత క్యారెట్ మీటర్లో పెట్టి స్వచ్ఛత చూస్తారు. ఆ మెషీన్ ఎక్స్-కిరణాలతో పై పొరను మాత్రమే చదువుతుంది. ఒక్కచోట చూసి 22 క్యారెట్లని రాస్తే ఒప్పుకోకండి. కొక్కెం దగ్గర, వెనకవైపు, అతుకుల దగ్గర, కనీసం మూడు చోట్ల చూడమనండి. మీ అత్తగారి కాసులపేరు లాంటి పాత సొమ్ముల్లో కాసుకూ కాసుకూ మధ్య అతుకులు ఎక్కువ. కాసు మీద 91 శాతం చూపిన మీటర్ అతుకు దగ్గర 80ల్లో చూపించడం మామూలే. పాత కాలపు అతుకు పొడిలో రాగి, వెండి పాళ్లు ఎక్కువ. అందుకే మొత్తం వస్తువును కరిగిస్తే 22 రాకుండా 21, ఒక్కోసారి 20 క్యారెట్లే రావచ్చు. సర్టిఫికెట్‌లో ఆ నిజం ఉండాలి. 22 అని రాయించుకుని ఎక్కువ ప్రీమియం కట్టినా, క్లెయిమ్ రోజున సర్వేయర్ అదే నిజం తవ్వి తీస్తాడు.

మీ హారం, గాజులు ఈమధ్య కొన్నవైతే వాటి మీద హాల్‌మార్క్ ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు కోడ్ HUID లేకుండా షాపుల్లో హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ కోడ్‌ను BIS Care యాప్‌లో కొడితే ఏ రకం నగ, ఏ స్వచ్ఛత అన్నది తెలుస్తుంది. వాల్యుయర్ చేత ఆ కోడ్‌ను సర్టిఫికెట్‌లో రాయించండి. దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదులో కూడా రాయొచ్చు. ఆ వస్తువు ఎక్కడైనా దొరికితే మీదేనని చెప్పడానికి అంతకంటే గట్టి ఆధారం ఉండదు.

రాళ్ల విషయంలో కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసపోయేదీ గొడవలయ్యేదీ అక్కడే. అమ్మమ్మ ఏడు రాళ్ల కమ్మలంటే మన వైపు ఎక్కువగా వెనక మూసేసిన కట్టడం. రాయి వెనక్కి వెలుతురు పోదు, రాయిని తీసి తూకం వేయాలంటే కట్టడం విప్పాలి. మంచి వాల్యుయర్ అది చేయడు, చేయమని మీరూ అడగొద్దు. రాయి అడ్డం కొలిచి, లోతు అంచనా వేసి, బరువు లెక్కకడతాడు. అప్పుడు సర్టిఫికెట్‌లో ‘రాళ్లు బిగించి ఉండగా, అంచనా బరువు’ అని ఉండాలి. బిగించిన రాయికి పాయింట్ల దాకా కచ్చితమైన బరువు, రంగు, క్లారిటీ గ్రేడు ఎవరైనా ధీమాగా రాసిచ్చారంటే అనుమానించాలి.

డైమండ్ టెస్టర్ పెన్ను ఆనించగానే బీప్ మంటుంది, చూస్తున్నవాళ్లకు నమ్మకం కలుగుతుంది. కానీ ఆ పెన్ను వేడి ఎంత త్వరగా పోతుందో మాత్రమే చూస్తుంది. గనిలో దొరికిన వజ్రానికి, ల్యాబులో పెంచిన వజ్రానికి తేడా దానికి తెలియదు. వజ్రంలా మెరిసే మాయిసనైట్ అనే రాయికి కూడా చాలా పెన్నులు వజ్రమనే చెబుతాయి. అమ్మమ్మ కాలం నాటి కమ్మల్లో ల్యాబు వజ్రాల భయం పెద్దగా లేదు. మధ్యలో రాయి రాలి కొత్తది పెట్టించి ఉంటే మాత్రం ఉంది. ఆ ఒక్కటీ ఏదో వాల్యుయర్‌కు చెప్పండి, దాచొద్దు.

కెంపుల సంగతి దీనికి తలకిందులు. పాత దక్షిణాది సొమ్ముల్లో ఎర్రరాయి కనబడితే అందరూ బర్మా కెంపనే అంటారు. కానీ మంటలో కరిగించి చేసే కృత్రిమ కెంపులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే మార్కెట్‌లోకి వచ్చాయి. మన పక్క నగల్లో అవి చాలా వాడారు. భూతద్దంలో చూస్తే లోపల గ్రామఫోన్ రికార్డు గీతల్లాంటి వంపు గీతలు, చిన్న గాలి బుడగలు కనిపిస్తాయి. సహజమైన కెంపులో వంపు గీతలు ఉండవు. కృత్రిమ కెంపులకు విలువ దాదాపు లేనట్టే, రూపానికి మాత్రమే. మీ హారం కొత్తదే అయినా, పాత నగలోని రాళ్లు తీయించి పెట్టించి ఉంటే ఈ పరీక్ష అడగండి.

కర్నూలు, అనంతపురం వైపు వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం వెతకడం మనందరికీ తెలిసిందే. ‘ఇది మా తాతకు జొన్నగిరిలో దొరికిన రాయి’ అని ఉంగరంలో పెట్టించుకున్న ఇళ్లు ఉన్నాయి. ఆ కథ ఎంత నిజమైనా ఇన్సూరెన్స్ కంపెనీకి లెక్కలోకి రాదు. రాయి పెద్దదైతే జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబులో పరీక్ష చేయించిన రిపోర్టు కావాలి. అది లేని రాయికి వాల్యుయర్ లక్షలు రాసిచ్చినా సర్వేయర్ ఒప్పుకోడు.

ఇప్పుడు ఎన్నేళ్లకోసారి అన్న ప్రశ్నకు వద్దాం. సర్టిఫికెట్‌లో రెండు రకాల విషయాలు ఉంటాయి. బరువు, స్వచ్ఛత, రాళ్ల వివరాలు ఏళ్ల తరబడి మారవు. రేటు మాత్రం నిలకడగా ఉండదు. 2020 మొదట్లో 24 క్యారెట్ల పది గ్రాములు 40 వేల చుట్టూ ఉండేది, 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. అందుకే పూర్తి వాల్యుయేషన్ రెండు మూడేళ్లకోసారి చేయించినా సరిపోతుంది కానీ, రేటును మాత్రం ప్రతి రెన్యువల్‌కూ సవరించాలి. దానికి వాల్యుయర్ అక్కర్లేదు. నెట్ వెయిట్‌ను ఆనాటి 22 క్యారెట్ల రేటుతో గుణించి, మజూరీ అదే శాతంలో వేసి, కొత్త మొత్తాన్ని కంపెనీకి రాసి పంపితే చాలు. పెద్ద పెరుగుదల అయితే వాళ్లే కొత్త సర్టిఫికెట్ అడగొచ్చు. రాళ్ల విలువను మాత్రం బంగారంతో పాటు పెంచొద్దు. ల్యాబు వజ్రాలు వచ్చాక మామూలు సైజు సహజ వజ్రాల ధరలు తగ్గాయి కూడా. ఆ కాలమ్‌ను వాల్యుయర్ చేతే మార్పించండి.

ఈ సవరణ మానేస్తే ఏమవుతుందో చూడండి. మీ సొమ్ములన్నిటికీ కలిపి 8 లక్షలకు పాలసీ ఉందనుకుందాం. మూడేళ్లు అదే మొత్తంతో రెన్యువల్ చేశారు. ఇంట్లో దొంగలు పడి 4 లక్షల గాజులు పోయాయి. పాలసీ 8 లక్షలు కదా, 4 లక్షలూ వస్తాయని ధీమాగా ఉంటారు. సర్వేయర్ వచ్చి మొత్తం సొమ్ముల విలువ ఆ రోజు రేటుకు 16 లక్షలని తేలుస్తాడు. ఉన్నదానిలో సగానికే ఇన్సూరెన్స్ చేశారు కాబట్టి నష్టంలో సగమే ఇస్తారు, అంటే 2 లక్షలు. దీన్ని పాలసీల్లో యావరేజ్ క్లాజ్ అంటారు. పోయింది తక్కువే కదా అన్నా లాభం లేదు, పాలసీ మొత్తమే తక్కువగా ఉందన్నది వాళ్ల లెక్క. ముందే ఒప్పుకున్న విలువతో ఇచ్చే పాలసీలో ఈ కోత ఉండదు. కానీ అందులో కూడా రాసిన మొత్తానికి మించి పైసా రాదు, కాబట్టి సవరణ తప్పదు. రెన్యువల్‌కు ఇంకా ఆరు నెలలుండగా రేటు బాగా ఎగబాకితే, మధ్యలోనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు, రాయించి మొత్తం పెంచుకోవచ్చు. మిగిలిన నెలలకే అదనపు ప్రీమియం పడుతుంది.

రేటుతో సంబంధం లేకుండా పూర్తి వాల్యుయేషన్ మళ్లీ చేయించాల్సిన సందర్భాలు ఉన్నాయి. కాసులపేరును మార్చి వడ్డాణం చేయించారు, కమ్మలకు రాయి మార్పించారు, పాత గాజులిచ్చి కొత్తవి తీసుకున్నారు అనుకోండి. అప్పుడు పాత సర్టిఫికెట్‌లో ఉన్న వస్తువు మీ దగ్గర లేదు, ఉన్న వస్తువు సర్టిఫికెట్‌లో లేదు. కూతురి పెళ్లికి ఇచ్చేసినవాటిని కూడా జాబితాలోంచి తీయించాలి. చాలా పాలసీల్లో ఆమె అత్తారింట్లో ఉన్నప్పుడు అవి మీ ఇంట్లోని వస్తువుల కిందకు రావు.

పాలసీ ఎంచుకునేటప్పుడు ఒకచోట జాగ్రత్త. 2021 ఏప్రిల్ నుంచి అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ ఇస్తున్నాయి. నగలకు విలువ ముందే ఒప్పుకుని కవర్ తీసుకునే వీలు అందులో ఉంది. మొత్తం 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు అయితే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కూడా మినహాయించవచ్చు. ఇది విని చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ పాలసీ నిప్పు, వరద, భూకంపం లాంటి ప్రమాదాలకు. దొంగతనం వర్తించేది అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల లోపు, దాని వల్ల జరిగినప్పుడే. మీరు ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే అందులో రాదు. దానికి బర్గ్లరీ కవర్ విడిగా ఉండాలి. మెడలో వేసుకుని పెళ్లికి వెళ్లినప్పుడు గొలుసు లాక్కెళ్లినా రావాలంటే నగలకు ఆల్ రిస్క్స్ కవర్ కావాలి. మీ ఏజెంటు ఏది ఇస్తున్నాడో పేరు పెట్టి అడగండి. బయట వేసుకున్నప్పుడు కూడా ఉంటుందా, ఇల్లు వరసగా ఎన్ని రోజులు తాళం వేసి ఉంటే పాలసీ పనిచేయదు, ఈ రెండూ రాతలో తీసుకోండి. ఆ గడువు పాలసీని బట్టి మారుతుంది. పురుడుకో పిల్లల దగ్గరికో నెలల తరబడి వెళ్లేవాళ్లకు అది చాలా ముఖ్యం. ఎక్కడో పెట్టి మర్చిపోయినవి, ఎలా పోయాయో తెలియనివి, ఇంట్లోవాళ్లు తీసినవి ఎక్కువ పాలసీల్లో రావు.

లాకర్ సంగతికొస్తే, లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, దానికి ఇన్సూరెన్స్ కూడా బ్యాంకు చేయదు. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం నిప్పు, దొంగతనం, భవనం కూలడం, ఉద్యోగుల మోసం లాంటివాటికి బ్యాంకు బాధ్యత లాకర్ ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 2,000 అయితే గరిష్ఠంగా 2 లక్షలు. వరద లాంటి ప్రకృతి విపత్తుల్లో, బ్యాంకు నిర్లక్ష్యం లేకపోతే, ఆ బాధ్యత కూడా లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు కర్నూలులో ఉన్నవాళ్లకు ఈ వాక్యం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. లాకర్లో ఉన్నవాటికి కూడా కవర్ తీసుకోండి. కానీ కొన్ని పాలసీలు ‘లాకర్లో ఉన్నంతవరకే’ అని రాస్తాయి. అలాంటి పాలసీ ఉంటే, పెళ్లికని హారం ఇంటికి తెచ్చిన రోజున దానికి ఇన్సూరెన్స్ లేనట్టే.

సర్టిఫికెట్ వచ్చాక దాన్ని నగలతో పాటు అదే బీరువాలో పెట్టొద్దు. ప్రతి వస్తువునూ ముందు, వెనక, కొక్కెం దగ్గర ముద్ర కనిపించేలా, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. సర్టిఫికెట్, బిల్లులు, ఫోటోలు కలిపి మీ మెయిల్‌కే పంపుకోండి. ఏదైనా జరిగితే ఫిర్యాదులో ‘బంగారు హారం ఒకటి’ అని కాకుండా సర్టిఫికెట్‌లోని మొత్తం బరువు, నెట్ వెయిట్, రాళ్ల సంఖ్య, HUID అలాగే దించండి. ఆ ఫిర్యాదులో ఒక బరువు, క్లెయిమ్ ఫారంలో ఇంకో బరువు ఉంటే సర్వేయర్ మొదటి ప్రశ్న దాని మీదే. కంపెనీకి అదే రోజు తెలియజేయండి. దొంగ దొరకని కేసుల్లో పోలీసులు ఇచ్చే తుది నివేదిక కూడా క్లెయిమ్‌కు అడుగుతారు. దాని కోసం స్టేషన్‌కు రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది, టెన్షన్ పడొద్దు, మామూలే.

మీ పాత స్లిప్పును కూడా పారేయకండి. విలువకు అది పనికిరాకపోయినా, ఆ తేదీకి ఆ సొమ్ములు మీ చేతిలో ఉన్నాయనడానికి బ్యాంకు ముద్రతో ఉన్న కాగితం అది. బిల్లు లేని కాసులపేరుకూ అమ్మమ్మ కమ్మలకూ అలాంటి రుజువు ఇంకోటి దొరకడం కష్టం.